ఇంగ్లిష్ పత్రికల శీర్షికల్లో స్లామ్, ప్రోబ్, బిడ్: విప్పి చదవడం ఎలా?

ఇంగ్లిష్ వ్యాసాలు హాయిగా చదువుకునేవారు కూడా పత్రిక శీర్షిక దగ్గర ఒక్కోసారి ఆగిపోతారు. "మేయర్ స్లామ్స్ ప్రోబ్ ఇంటు స్టేడియం బిడ్" అన్న శీర్షిక ఉందనుకుందాం. ఇది ఈ వ్యాసం కోసం అల్లినదే అయినా ఇలాంటివి రోజూ కనబడతాయి. మామూలు వాడుకలో స్లామ్ అంటే తలుపును దభాలున వేయడం. ప్రోబ్ అంటే లోతు తెలుసుకోవడానికి పొడిచి చూడడం, అందుకు వాడే సన్నటి పరికరం కూడా. బిడ్ అంటే వేలంలో పాడే ధర. మూడింటినీ కలిపితే మేయర్ గారు ఏదో పరికరాన్ని స్టేడియం వేలంపాటకేసి కొట్టినట్టు వస్తుంది.

ఇది మనకు కొత్త సంగతేమీ కాదు. తెలుగు పత్రికలో "అధికారిపై వేటు" అని చదివినప్పుడు కత్తి ఎక్కడుందని ఎవరూ వెతకరు. ఉద్యోగం పోయిందనో, సస్పెండ్ చేశారనో వెంటనే అర్థం చేసుకుంటారు. "ప్రతిపక్షం ధ్వజం" అంటే విమర్శ, "హైకోర్టులో చుక్కెదురు" అంటే అడిగింది దక్కలేదని. శీర్షిక రాసేవారికి తమదైన చిన్న పదకోశం ఉంటుంది. అందులో చేరిన మాట తన పాత అర్థాలన్నీ వదిలేసి ఒక్క పనికే కుదురుకుంటుంది. ఇంగ్లిష్‌లోనూ అదే జరిగింది.

కారణం చాలావరకు చోటు. అచ్చు పత్రికలో కాలమ్ వెడల్పు మారదు, పెద్ద అక్షరాలు కొన్నే పడతాయి. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో క్రిటిసైజెస్‌కు 10 అక్షరాలు కావాలి, స్లామ్స్‌కు 5 చాలు. ఇన్వెస్టిగేషన్‌కు 13, ప్రోబ్‌కు 5. అటెంప్ట్‌కు 7, బిడ్‌కు 3. కంప్యూటర్లు రాకముందు సబ్ ఎడిటర్లు శీర్షికను వేళ్ల మీద లెక్కపెట్టేవారు: మామూలు అక్షరానికి ఒకటి, ఐ, ఎల్ లాంటి సన్నవాటికి అర, ఎమ్, డబ్ల్యూలకు ఒకటిన్నర. ఆ లెక్కలో నెగ్గినవే ఈ పొట్టి మాటలు. తెర మీద అంత ఇరుకు లేకపోయినా అలవాటు మాత్రం పోలేదు.

ఇక పైన ఇచ్చిన శీర్షికనే చేతిలో పెట్టుకుని ఒక్కో మెట్టు దిగుదాం.

మొదటి మెట్టు: క్రియ ఏదో, అది ఏ కాలాన్ని చెబుతోందో చూడండి

శీర్షికలో వర్తమాన కాలం అంటే చాలావరకు జరిగిపోయిన పని. "మేయర్ స్లామ్స్" అంటే మేయర్ ఇప్పటికే విమర్శించారు. క్రియ ముందు "టు" వస్తే అది జరగబోయేది. ఈ రెండూ త్వరగానే అలవాటవుతాయి. అసలు ఉచ్చు మూడోది.

"మేయర్ స్లామ్డ్ ఓవర్ డిలే" అని ఉందనుకోండి. భూతకాలంలా కనబడుతోంది కాబట్టి మేయర్ ఎవరినో విమర్శించారని చదివేస్తాం. నిజానికి తిట్లు పడింది మేయర్‌కే. జరిగిపోయిన పనిని శీర్షిక వర్తమానంలో చెబుతుంది కనుక అక్కడ మామూలు భూతకాలానికి దాదాపు పని లేదు. అందుకే "స్లామ్డ్", "ప్రోబ్డ్", "క్విజ్డ్" లాంటి రూపం ఒంటరిగా కనబడితే, ముందుండాల్సిన "వాజ్" లేదా "వర్" ఎగిరిపోయిందని అనుకోవాలి. అది కర్మణి ప్రయోగం. "మేయర్ క్విజ్డ్" అంటే మేయర్ క్విజ్ పోటీ నడపలేదు, ఆయన్ని ప్రశ్నించారు. ఎవరు ఎవర్ని అన్నది తలకిందులైతే వార్త మొత్తం తలకిందులవుతుంది. అందుకే ఇక్కడ ఒక క్షణం ఎక్కువ ఆగినా నష్టం లేదు.

ప్రోబ్‌తో ఇంకో చిక్కు ఉంది. అది నామవాచకమూ అవుతుంది, క్రియా అవుతుంది. "పోలీస్ ప్రోబ్ డెత్" అన్నప్పుడు ప్రోబ్ క్రియ: పోలీసులు ఒక మరణంపై దర్యాప్తు చేస్తున్నారు. "పోలీస్ ప్రోబ్ క్లియర్స్ మేయర్" అన్నప్పుడు అది నామవాచకం: పోలీసు దర్యాప్తులో మేయర్ తప్పు లేదని తేలింది. తేడా పట్టుకోవడానికి సులువైన మార్గం ముందుకు చూడడమే. తర్వాత ఇంకో క్రియ కనబడిందంటే ప్రోబ్ నామవాచకమే. మన శీర్షికలో స్లామ్స్ అన్న క్రియ ముందే దొరికింది కాబట్టి ప్రోబ్ నామవాచకం, బిడ్ కూడా అంతే.

రెండో మెట్టు: పొట్టి మాట స్థానంలో దాని ఇరుకు అర్థాన్ని పెట్టండి

స్లామ్ అంటే బహిరంగంగా విమర్శించడం, అంతే. విమర్శ నోటితో వచ్చి ఉండవచ్చు, ప్రకటనలోనో నివేదికలోనో ఉండవచ్చు. "రిపోర్ట్ స్లామ్స్ హాస్పిటల్" అన్నా తప్పులేదు, కాగితం కూడా విమర్శించగలదు. ఈ క్రియతో మాటలు తప్ప చర్య ఏదీ జరగలేదని గుర్తుంచుకోవాలి. ఎవరినీ తొలగించలేదు, ఎవరి మీదా కేసు పెట్టలేదు. తొలగింపు జరిగితే శీర్షికలో యాక్స్ వస్తుంది, అది అచ్చంగా మన వేటు.

ప్రోబ్ అంటే దర్యాప్తు లేదా విచారణ. ఎవరి దర్యాప్తన్నది ఈ మాట చెప్పదు. పోలీసులది కావచ్చు, సంస్థ అంతర్గత విచారణ కావచ్చు, చట్టసభ కమిటీది కావచ్చు. మామూలు ఇంగ్లిష్‌లో వీటికి వేరువేరు పేర్లున్నా శీర్షిక అన్నిటినీ ఒక్క మాటలో దూర్చేస్తుంది. అందువల్ల "ఫేసెస్ ప్రోబ్" అని చదవగానే నేర విచారణ అనుకోకూడదు. పైగా "ఫేసెస్" అన్న మాట ఒక్కోసారి ఇంకా మొదలుకాని, మొదలవుతుందని అనుకుంటున్న విచారణకూ వాడతారు. తప్పు రుజువైందన్న అర్థం ప్రోబ్‌లో ఎక్కడా లేదు.

బిడ్ అంటే ప్రయత్నం. మూడింటిలో ఎక్కువగా తికమక పెట్టేది ఇదే, ఎందుకంటే దాని పాత అర్థం వ్యాపార వార్తల్లో ఇంకా బతికే ఉంది. పక్కనున్న మాటే దారి చూపాలి. "బిడ్ టు" తర్వాత క్రియ వస్తే అది ప్రయత్నం: "బిడ్ టు సేవ్ జాబ్స్" అంటే ఉద్యోగాలు కాపాడే ప్రయత్నం. ఎస్కేప్ బిడ్, రెస్క్యూ బిడ్, టైటిల్ బిడ్ అన్నీ ప్రయత్నాలే. అదే దగ్గర్లో డబ్బు మొత్తమో, కంపెనీ పేరో, టేకోవర్ అన్న మాటో ఉంటే అది కొనుగోలుకు ఇవ్వజూపిన ధర, లేదా టెండరు. ప్రయత్నం అన్న అర్థంలో వాడినప్పుడు ఫలితం గురించి బిడ్ ఏమీ చెప్పదు. ఉద్యోగాలు నిలబడ్డాయని ఆ శీర్షిక అనడం లేదు. నిలబెట్టడమే తమ ఉద్దేశమని ఎవరో చెప్పుకున్నారు, పత్రిక దాన్ని అందించింది.

ఇప్పుడు మన శీర్షిక ఇలా మారుతుంది: స్టేడియం ప్రయత్నంపై జరుగుతున్న దర్యాప్తును మేయర్ విమర్శించారు. స్టేడియం ప్రయత్నమంటే ఏమిటన్నది ఇంకా తేలలేదు. స్టేడియం కట్టాలన్న ప్రయత్నమా, కట్టడానికి వచ్చిన టెండరా? రెండూ కుదురుతాయి. ఇక్కడ ఊహించకుండా ఆ ఖాళీని అలాగే ఉంచి కిందికి వెళ్లాలి.

మూడో మెట్టు: నామవాచకాల గుట్టను కుడి నుంచి విప్పండి

మర్నాడు అదే వార్తకు కొనసాగింపుగా "స్టేడియం బిడ్ ప్రోబ్ చీఫ్ క్విట్స్" అని వచ్చిందనుకుందాం. క్రియ క్విట్స్, అంటే తప్పుకున్నారు. ఎవరు? క్రియకు సరిగ్గా ముందున్న మాట చూడండి: చీఫ్. దేనికి చీఫ్? ప్రోబ్‌కు. దేనిపై ప్రోబ్? బిడ్‌పై. ఏ బిడ్? స్టేడియంది. చివరి మాటే అసలు మనిషి, ముందున్నవన్నీ అతనికి తగిలించిన విశేషణాలు.

ఇందులో తెలుగువారికి ఒక వెసులుబాటు ఉంది. ఇలాంటి గుట్టను ఫ్రెంచ్‌లోకి మార్చాలంటే వరుస తిరగేయాలి. మన సమాసాలు కూడా చివరి మాట మీదే నిలబడతాయి కనుక వరుస కదపనక్కర్లేదు: స్టేడియం ప్రయత్నంపై దర్యాప్తు అధిపతి రాజీనామా.

అయితే ఏది క్రియో తేలకపోతే గుట్ట కూలిపోతుంది. 2009లో ఒక ఇంగ్లిష్ శీర్షిక "వయొలినిస్ట్ లింక్డ్ టు జేఏఎల్ క్రాష్ బ్లాసమ్స్" అని వచ్చింది. జపాన్ ఎయిర్‌లైన్స్ విమాన ప్రమాదంతో సంబంధమున్న ఒక వయొలిన్ కళాకారిణి వికసిస్తోందని భావం. ఆమె తండ్రి 1985లో ఆ ప్రమాదంలో మరణించారు. చదివినవారికి మాత్రం క్రాష్ బ్లాసమ్స్ అనే పువ్వులేవో ఉన్నట్టు తోచింది. అప్పటి నుంచి ఇలా రెండు దారుల్లో చదవగలిగే శీర్షికలకే క్రాష్ బ్లాసమ్స్ అన్న పేరు పడింది. మొదటి మెట్టులో చెప్పినట్టు ఇక్కడ లింక్డ్ ఒంటరి కర్మణి రూపం, అసలు క్రియ బ్లాసమ్స్. అది దొరికితే చిక్కు విడిపోతుంది.

నాలుగో మెట్టు: వార్త మొదటి పేరాలోని క్రియతో పోల్చండి

మన శీర్షిక కింద మొదటి పేరా ఇలా ఉందనుకోండి: "క్రీడల ఆతిథ్యానికి నగరం చేసిన దరఖాస్తుపై విచారణ అనుకున్నదానికంటే ఎక్కువ సమయం తీసుకుంటోందని మేయర్ మంగళవారం అన్నారు." ఒక్క వాక్యంతో రెండు సంగతులు తేలిపోయాయి. బిడ్ అంటే టెండరు కాదు, ఆతిథ్యం కోసం చేసిన ప్రయత్నం. స్లామ్స్ అంటే నిప్పులు చెరగడం కాదు, ఆలస్యమవుతోందని అనడం.

ఈ రెండో సంగతి చాలామంది గమనించరు. స్లామ్ జరిగిన పని ఏ రకమో చెబుతుంది, ఎంత తీవ్రమో చెప్పదు. ఘాటైన ఖండనకూ అదే మాట, నసుగుతూ చెప్పిన అసంతృప్తికీ అదే మాట. తీవ్రత కావాలంటే పేరాలోని క్రియనే నమ్మాలి. అక్కడ "సెడ్", "క్వశ్చన్డ్" లాంటి చల్లని మాటలుంటే శీర్షికకు ఉప్పూకారం కాస్త ఎక్కువ పడిందని అర్థం. "కండెమ్డ్" అని ఉంటే, లేదా ఘాటైన మాటలు ఉటంకింపుల్లో కనబడితే స్లామ్ తన పేరు నిలబెట్టుకున్నట్టే. శీర్షికలోనే ఏదైనా మాట ఒంటి ఉటంకింపు గుర్తుల మధ్య ఉంటే, అది పత్రిక మాట కాదు, వార్తలోని ఎవరిదో.

ఈ అర్థాలు చెల్లని చోట్లు

స్లామ్స్‌ను ఆనుకుని వెంటనే "ఇంటు" వస్తే విమర్శ కాదు, ఢీకొట్టడం: "లారీ స్లామ్స్ ఇంటు షాప్." క్రీడా పేజీలో గ్రాండ్ స్లామ్‌కు విమర్శతో సంబంధం లేదు. ప్రోబ్ పక్కన గ్రహం పేరుంటే అది అంతరిక్ష నౌక. "మార్స్ ప్రోబ్ ఫెయిల్స్" అంటే అంగారకుడి దగ్గరికి పంపిన నౌక విఫలమైందని చాలావరకు అనుకోవచ్చు. కానీ మార్స్ పేరుతో ఒక చాక్లెట్ కంపెనీ కూడా ఉంది. అది వ్యాపార పేజీ అయితే మళ్లీ మొదటి పేరా చూడాల్సిందే.