కాచిన నీళ్లే తాగుతున్నా విరేచనాలు: తప్పు ఎక్కడ జరుగుతోంది?

వరద వచ్చిన ఊళ్లో మరుగుదొడ్ల గుంతల్లోని మురుగు, పేడ, కాలువ నీరు అన్నీ ఒకటై బావుల్లోకి, పగిలిన పైపుల్లోకి చేరతాయి. ఆ సంగతి తెలిసి చాలా ఇళ్లలో నీళ్లు కాచుతారు, లేదా క్లోరిన్ వేస్తారు. అయినా నాలుగైదు రోజులకు ఎవరో ఒకరికి విరేచనాలు మొదలవుతాయి. అప్పుడు "కాచినా లాభం లేదు" అని మానేయడమే అన్నిటికంటే ప్రమాదం. కాచడం అనే పద్ధతిలో లోపం ఉండదు. కాచే తీరులోనో, దానికి ముందో తర్వాతో జరిగే చిన్న పనిలోనో ఉంటుంది. ఏ లక్షణం కనిపిస్తే ఆ తప్పు ఎక్కడ వెతకాలో ఇక్కడ చెబుతున్నాను.

సమస్య: రోజూ కాచే తాగుతున్నాం, అయినా ఒకరి తర్వాత ఒకరికి విరేచనాలు

మొదట అనుమానించవలసింది పొయ్యిని కాదు, నీళ్లు పోసి పెట్టిన పాత్రను. మరిగించడం వల్ల నీళ్లలోని రోగక్రిములు చచ్చిపోతాయి, నిజమే. కానీ చల్లారిన నీళ్లలో కాపలా కాసేది ఏమీ మిగలదు. ఆ తర్వాత చేరిన ప్రతి క్రిమీ అందులో బతుకుతుంది, వెచ్చటి వాతావరణంలో పెరుగుతుంది కూడా.

ఒక పూట తాగునీటి బిందె దగ్గర కూర్చుని చూడండి. పిల్లవాడు పరుగున వచ్చి మూత పక్కకు నెట్టి, గ్లాసు నేరుగా లోపలికి ముంచుతాడు. వేళ్లు రెండో కణుపు దాకా తడుస్తాయి. గ్లాసు పైకి తీసేటప్పుడు ఆ వేళ్ల మీదుగా జారిన నీళ్లు మళ్లీ బిందెలోనే పడతాయి. ఆ చేయి అంతకుముందు వరద బురదలో ఆడి ఉండవచ్చు, లేదా విరేచనమై వచ్చి సబ్బు లేక ఉత్త నీళ్లతో కడుక్కుని ఉండవచ్చు. పొద్దున కాచిన నీళ్లు సాయంత్రానికి కాచనట్టే అవుతాయి. ఇంకో రెండు పొరపాట్లు కూడా తరచుగా జరుగుతాయి. మరిగిన నీళ్లను, మామూలు నీళ్లతో తొలిచిన వేరే పాత్రలోకి వంపుతారు. వేడిగా ఉన్నాయని గ్లాసులో కాసిని కాచని నీళ్లు కలుపుతారు.

తప్పు పాత్రదా, కాచడానిదా అని తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. హైడ్రోజన్ సల్ఫైడ్ పరీక్ష సీసాలు అని చిన్న సీసాలు దొరుకుతాయి. గీత వరకు నీళ్లు పోసి మూత పెట్టి, గదిలో ఒకటి రెండు రోజులు ఉంచాలి. మలంతో కలుషితమైన నీరైతే సీసా నల్లబడుతుంది. ఒక సీసాలో కాచిన గిన్నెలోనే చల్లారిన నీళ్లు, రెండో దానిలో తాగే బిందెలోని నీళ్లు పోయండి. మొదటిది అలాగే ఉండి రెండోది నల్లబడితే దోషం బిందెది, చేతులది. రెండూ నల్లబడితే నీళ్లు సరిగా మరగలేదని అర్థం చేసుకోవచ్చు. పరీక్ష అయ్యాక ఆ సీసాలో కాస్త బ్లీచ్ పోసి, పిల్లలకు అందకుండా పారవేయాలి. సీసా నల్లబడకపోయినంత మాత్రాన నీరు పూర్తిగా క్షేమమని మాత్రం అనుకోవద్దు.

పరిష్కారం పాత్రతో మొదలుపెట్టండి. చేయి పట్టనంత సన్నని మూతి ఉండి, గట్టి మూత ఉన్న డబ్బా కావాలి. అడుగున కుళాయి ఉంటే మరీ మంచిది. లేకపోతే వంచి పోసుకోవాలి. వెడల్పు మూతి బిందె తప్ప వేరే గతి లేకపోతే, పొడవాటి కాడ ఉన్న గరిటె ఒకటి తాగునీటికే కేటాయించి, నేల మీద పెట్టకుండా శుభ్రమైన చోట తగిలించండి. డబ్బాను సబ్బుతో కడిగి, లీటరు నీళ్లకు ఒక చిన్న చెంచా, అంటే 5 మిల్లీలీటర్ల బ్లీచ్ ద్రావణం కలిపి అందులో పోసి, అన్ని వైపులా తగిలేలా ఊపాలి. అరనిమిషం ఉంచి పారబోసి ఆరనివ్వాలి. గుడ్డతో తుడవకండి, ఆ గుడ్డే మళ్లీ మురికి అంటిస్తుంది. నీళ్లు కాచిన గిన్నెలోనే మూత పెట్టి చల్లార్చి, ఆ తర్వాతే డబ్బాలో నింపండి. కాచిన నీళ్లను ఆ రోజుకు ఆ రోజే వాడేయండి.

రెండు సీసాలూ నల్లబడిన ఇంట్లో పొయ్యి దగ్గర చూడాలి. గిన్నె అడుగున సన్నని బుడగలు కనబడగానే దించేసేవారు చాలామంది. ఆ బుడగలు నీళ్లలో కరిగిన గాలి బయటికి వస్తున్నందుకు గుర్తు, మరిగినందుకు కాదు. పెద్ద బుడగలు లేచి నీళ్లన్నీ తెర్లాలి. గరిటెతో కలిపినా ఆ తెర్లడం ఆగకూడదు. అలా ఒక నిమిషం తెర్లితే చాలు. 2,000 మీటర్లకు పైన ఉన్న కొండ ప్రాంతాల్లో నీరు తక్కువ వేడికే మరుగుతుంది కాబట్టి మూడు నిమిషాలు ఉంచాలి. ఇరవై నిమిషాలు కాచాలన్న మాట నమ్మి, తడిసిన కట్టెలతో అంతసేపు మంట నిలపలేక, చివరికి కాచడమే మానుకున్న ఇళ్లు ఉన్నాయి. ఆ మాట వదిలేయండి.

సమస్య: క్లోరిన్ వేసి అరగంటైనా వాసన రావడం లేదు

వాసన రాకపోతే ఆ నీళ్లు తాగవద్దు. తేలికపాటి క్లోరిన్ వాసన మిగలడమే పని పూర్తయిందనడానికి ఇంట్లో ఉన్న గుర్తు. పరీక్ష పెట్టె ఉంటే ఇంకా నమ్మకంగా తెలుస్తుంది: అరగంట తర్వాత లీటరుకు 0.5 మిల్లీగ్రాములు, తాగే సమయానికి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి.

క్లోరిన్ ముందుగా క్రిములనే వెతుక్కుంటూ పోదు. నీళ్లలో ఉన్న బురద, ఆకుల రసం, మురుగు, ఇనుము, ఏది దొరికితే దానితో కలిసిపోతుంది. అవన్నీ తిన్నాక మిగిలిన క్లోరినే క్రిముల్ని చంపుతుంది. మట్టి రేణువుల మధ్య ఇరుక్కున్న క్రిములకు అది అందదు కూడా.

ఒక ఉదాహరణ చూద్దాం. వరద తీశాక బావి నుంచి 20 లీటర్ల నీళ్లు తోడారు. డబ్బాకు అవతలి పక్కన చేయి పెడితే వేళ్లు మసకగా కనబడుతున్నాయి. ఇంట్లో 5 శాతం బ్లీచ్ ద్రావణం ఉంది. తేట నీటికైతే లీటరుకు రెండు చుక్కల లెక్కన 40 చుక్కలు, అంటే దాదాపు 2 మిల్లీలీటర్లు సరిపోతాయి. వాళ్లు అంతే వేశారు. అరగంట తర్వాత మూత తీసి చూస్తే బురద వాసన తప్ప మరేమీ లేదు. వేసిన క్లోరిన్ అంతా మట్టికే ఖర్చయిపోయింది.

ఇప్పుడు ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ పోయడం కంటే బురదను తీసేయడం మేలు. నీళ్లను కదపకుండా కొన్ని గంటలు ఉంచి, అడుగున పేరుకున్నది కదలకుండా పైతేటను నాలుగు మడతల పాత నూలు గుడ్డ గుండా వేరే డబ్బాలోకి వంపాలి. కొత్త గుడ్డకంటే ఉతికి ఉతికి మెత్తబడినదే బాగా వడకడుతుంది. దారాలు నూగుదేరి మధ్య సందులు చిన్నవవుతాయి. పటిక వాడేవారు ముందు పటికతో తేర్చి, తేటను వేరు చేసి, ఆ తర్వాతే క్లోరిన్ వేయాలి.

అలా వడకట్టినా ఆ నీళ్లలో కాస్త మసక మిగిలింది. కాబట్టి మోతాదు రెట్టింపు: సూది తీసేసిన సిరంజితో 4 మిల్లీలీటర్లు. బాగా కలిపి, మూత పెట్టి అరగంట ఆగారు. ఈసారి మూత తీయగానే సన్నగా వాసన తగిలింది. తగలకపోతే అంతే మోతాదు ఇంకొక్కసారి వేసి 15 నిమిషాలు ఆగాలి. అప్పటికీ రాకపోతే ఆ నీళ్లను తాగడానికి వాడకుండా వేరే నీరు వెతకాలి.

నీళ్లు తేటగా ఉన్నా వాసన రాకపోతే బ్లీచ్ మీద అనుమానపడండి. శుభ్రమైన నీళ్లు ఒక లీటరు తీసుకుని రెండు చుక్కలు వేసి చూడండి. అరగంటకు వాసన లేదంటే ఆ సీసాలో సత్తువ పోయింది. ఎండ, వేడి తగిలినా, తెరిచి చాలా నెలలైనా అలాగే అవుతుంది. సువాసన, రంగు, సబ్బు కలిపిన బ్లీచ్‌ను తాగునీటిలో ఎప్పుడూ వేయకూడదు. సీసా మీద రాసిన శాతం 5 కంటే బాగా వేరుగా ఉంటే ఈ చుక్కల లెక్క చెల్లదు.

బ్లీచింగ్ పౌడర్ సంగతి విడిగా చెప్పాలి. 33 శాతం క్లోరిన్ ఉన్న తాజా పొడి అయితే 20 లీటర్ల తేట నీటికి కావలసింది గ్రాములో మూడో వంతు మాత్రమే. దాన్ని చిటికెతో కొలవలేం. పైగా గాలి, తేమ తగిలితే పొడిలో క్లోరిన్ పోతూ ఉంటుంది. అందుకే అది బావులకు, పెద్ద ట్యాంకులకు లెక్క తెలిసినవారి చేతిలో ఉండటం మంచిది. ఇంటికి బిళ్లలు సులువు. ఒక్కో బిళ్ల ఎన్ని లీటర్లకో రేకు మీద ఉంటుంది. ఒక లీటరు బిళ్లకూ 20 లీటర్ల బిళ్లకూ చాలా తేడా ఉంటుంది కాబట్టి ఆ సంఖ్య చదవకుండా వేయకండి.

సమస్య: పొద్దున వాసన ఉంది, సాయంత్రానికి లేదు

పాత్ర క్లోరిన్‌ను తినేస్తోంది. మట్టికుండ, తుప్పు పట్టిన ఇనుము ఈ పని త్వరగా చేస్తాయి. ఎండలో పెట్టినా, మూత లేకపోయినా ఇంతే. ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చి నీడలో ఉంచండి. కుండ చల్లదనం కావాలనుకుంటే ఆ పూటకు తాగేటన్ని నీళ్లు మాత్రమే అందులోకి వంపుకోండి.

సమస్య: వాసన ఘాటుగా ఉండి పిల్లలు తాగడం లేదు

మోతాదు సరిగానే వేశారని నమ్మకం ఉంటే, నీళ్లను ఒక శుభ్రమైన గిన్నెలోంచి ఇంకో దానిలోకి రెండు మూడుసార్లు ఎత్తి పోయండి, లేదా కొన్ని గంటలు నిలవ ఉంచండి. ఘాటు తగ్గుతుంది. కొలవకుండా పోసి ఉంటే పారబోసి మళ్లీ కలపండి.

సమస్య: నీళ్ల మీద నూనె తెట్టు, పెట్రోలు లేదా పురుగుమందు వాసన

దీనికి కాచడం గానీ క్లోరిన్ గానీ పనికిరాదు. మరిగిస్తే నీరు ఆవిరై, పోని రసాయనం ఇంకా చిక్కబడుతుంది. ఆ నీళ్లు వంటకూ వద్దు. వేరే నీరు తెచ్చుకోవాలి.

సమస్య: క్లోరిన్ నీళ్లే తాగినా విరేచనాలు తగ్గడం లేదు

క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవికి క్లోరిన్ లెక్కే లేదు. మరిగిస్తే మాత్రం చస్తుంది. పసిపిల్లలకు, రోగనిరోధక శక్తి తగ్గినవారికి వరద రోజుల్లో మరిగించిన నీళ్లే ఇవ్వండి. కట్టెలు, గ్యాసు కొద్దిగానే ఉంటే ఆ మంటను వాళ్ల నీళ్లకే కేటాయించి, మిగతావారు క్లోరిన్ నీళ్లు వాడుకోవచ్చు.

నీటిని ఎంత సరిచేసినా, ఇప్పటికే విరేచనాలు పట్టుకున్న మనిషి శరీరంలో నీరు పోతూనే ఉంటుంది. ఓఆర్‌ఎస్ పొట్లంలో ఉన్న పొడి మొత్తాన్ని, దాని మీద రాసినన్ని మంచి నీళ్లలో కలిపి, విరేచనమైన ప్రతిసారీ తాగించండి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి చెంచాతో మెల్లగా ఇవ్వండి. కలిపిన ద్రావణం 24 గంటలు దాటితే పారబోయాలి. బియ్యం కడిగిన నీళ్లలా విరేచనాలు ధారగా పోతున్నా, కళ్లు లోతుకు పోయినా, మూత్రం రాకపోయినా, బిడ్డ మత్తుగా పడి ఉన్నా, మలంలో రక్తం పడినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. దారిలో కూడా ఓఆర్‌ఎస్ పట్టిస్తూనే ఉండాలి.