పొడుగు వాక్యాలు చదవడం – 3వ పాఠం: ముక్క ఎక్కడ కోయాలి?

పోయిన పాఠంలో పొడుగు వాక్యాన్ని ‘నాలుగేసి ముక్కలు’గా చదవమన్నాను. చాలామంది దాన్ని నాలుగేసి మాటలు అనుకుని లెక్కపెట్టి గీతలు గీశారు, వాక్యం ఇంకా గందరగోళమైంది. తప్పు నాదే, సరిగ్గా చెప్పలేదు. మనసు ఒకేసారి సుమారు నాలుగే పట్టుకోగలదని మనస్తత్వ శాస్త్రవేత్త నెల్సన్ కోవాన్ 2001లో చెప్పారు, ఆ నాలుగు అనే అంకె మాటలది కాదు, అర్థం కుదిరిన ముద్దలది. ఒక ముద్దలో ఒక మాటే ఉండొచ్చు, ఆరూ ఉండొచ్చు.

ఈ వాక్యం చూడండి:

‘కమిటీ, గత ఏడాది వరదలో కూలిన వంతెనను పరిశీలించిన ఇంజనీర్లు ఇచ్చిన నివేదికలో సూచించిన మరమ్మతులకు అవసరమైన నిధులను వెంటనే విడుదల చేయాలని ప్రభుత్వాన్ని కోరింది.’

తెలుగులో క్రియ చివర వస్తుంది కాబట్టి ‘కమిటీ’ అన్న మాటను ‘కోరింది’ వచ్చేదాకా, అంటే మధ్యలో 17 మాటల పాటు మోయాలి. ఆ మాటలన్నీ విడివిడిగా పట్టుకోబోతే కమిటీయే జారిపోతుంది. అప్పుడు మళ్లీ మొదటికి వెళ్లి చదువుతాం, మళ్లీ అక్కడే జారుతుంది.

ఇక నన్ను బాగా విసిగించే తప్పు. ‘కూలిన’, ‘పరిశీలించిన’, ‘ఇచ్చిన’ దగ్గర క్రియలా కనిపించింది కదా అని ఆగిపోతారు. అక్కడ ఆగకండి! ఉదాహరణకు ‘డాక్టర్ రాసిన’ దగ్గర ఆగితే చేతిలో ఏమీ లేదు, ఏం రాశారో తెలియదు, ఆ ఖాళీని కూడా మోయాలి. ‘డాక్టర్ రాసిన మందు’ దాకా వెళితే అదంతా ఒక్క మందు అయిపోతుంది. ‘కూలిన’ లాంటి మాట వస్తే దాని వెనకాల వచ్చే నామవాచకం దాకా చదివి అప్పుడు కోయండి.

అలా కోస్తే: వరదలో కూలిన వంతెన. దాన్ని పరిశీలించిన ఇంజనీర్లు. వాళ్లిచ్చిన నివేదిక. అందులో సూచించిన మరమ్మతులు. వాటికి కావలసిన నిధులు. ఇంజనీర్లు రాగానే వంతెనను వదిలేయొచ్చు, నివేదిక రాగానే ఇంజనీర్లను వదిలేయొచ్చు. ఎప్పుడు చూసినా మోసేది రెండే: కమిటీ, చివరగా దొరికిన నామవాచకం. నేనైతే మొదటి మాట మీద వేలు పెట్టి ఉంచుతాను, అప్పుడు మోసేది ఒకటే. ‘చేయాలని’లోని ‘అని’ దగ్గర ఇంకో కోత వేసి, తర్వాత క్రియను అందుకోండి.

సరిగ్గా చదివారో లేదో క్రియే చెబుతుంది. ‘కోరింది’ అని ఉంది, ‘కోరారు’ అని లేదు, కాబట్టి కోరింది ఇంజనీర్లు కాదు.

మాటలే తెలియనప్పుడు మాత్రం ఈ కోతలు పనిచేయవు. ముందు అర్థం చూసుకోండి.

అభ్యాసం, పెన్సిల్ లేకుండా, ఒక్కసారే చదివి: ‘పాత రికార్డుల్లో దొరికిన లెక్కలను సరిచూసిన గుమస్తా రాసిన ఉత్తరం అందుకున్న అధికారి విచారణ జరిపించారు.’ వాక్యం మూసేసి ఎవరు ఏం చేశారో చెప్పండి. ఇందులో మొదటి నుంచి చివరిదాకా మోయాల్సిన మాట ఒక్కటీ లేదు, ఎందుకో కూడా రాయండి.