రికమండేషన్ లెటర్‌లో అంకెలున్నా మనిషి కనిపించడం లేదా? కారణం, పరిష్కారం

లక్షణం

నవంబరు వచ్చిందంటే బెంగళూరు ఆఫీసుల్లో టీమ్ లీడ్‌లకు ఈ మెసేజ్ రావడం మొదలవుతుంది: "అన్నా, ఎం.ఎస్.కి అప్లై చేస్తున్నా, మీ లెటర్ కావాలి. డ్రాఫ్ట్ నేనే పంపిస్తా, మీరు చూసి అప్‌లోడ్ చేస్తే చాలు." డ్రాఫ్ట్ వస్తుంది, లీడ్ రెండు మాటలు మార్చి పంపేస్తాడు. లెటర్ ఒక పేజీ నిండుగా ఉంటుంది, ఇంగ్లీషులో తప్పులుండవు, ప్రాజెక్టుల పేర్లూ శాతాలూ కూడా ఉంటాయి. అంతా చదివాక ఈ అమ్మాయి పని ఎలా చేస్తుంది అని అడిగితే మాత్రం చెప్పడానికి ఏమీ దొరకదు.

"కష్టపడే తత్వం", "త్వరగా నేర్చుకుంటుంది", "టీమ్‌లో కలిసిపోతుంది" లాంటి పొగడ్తలతోనే లెటర్ నిండిపోతే అది పైకే కనిపిస్తుంది. దాన్ని ఎవరైనా పట్టుకుంటారు, ఇక్కడ దాని గురించి ఎక్కువ చెప్పను. చూడ్డానికి వివరంగా ఉండి లోపల ఖాళీగా ఉండే లెటర్ గురించే చెప్తున్నాను.

ముందు ఈ ఒక్కటీ చూడండి

లెటర్‌లో జూనియర్ పేరు తీసేసి, అదే టీమ్‌లో పక్క సీటులో ఉన్న ఇంకో జూనియర్ పేరు పెట్టి చదవండి. ఒక్కో వాక్యం దగ్గర ఆగి, ఇది ఇప్పటికీ నిజమేనా అని చూసుకోండి. నిజమైతే ఆ వాక్యం కింద గీత గీయండి. పేజీలో సగం కంటే ఎక్కువ గీతలు పడ్డాయంటే ఆ లెటర్ ఎవరి గురించీ కాదు.

దీనికి ఐదు నిమిషాలు చాలు. అయినా ఎవరూ చేయరు. వాక్యంలో ఒక శాతం కనిపించగానే "ఇది స్పెసిఫిక్‌గానే ఉంది" అనిపించి కళ్లు ముందుకు వెళ్లిపోతాయి. పొగడ్తల మీద అనుమానపడేవాళ్లు కూడా అంకెల మీద అనుమానపడరు. కాబట్టి ఈ పరీక్షను అంకెలున్న వాక్యాల మీదే ముందు పెట్టండి.

అసలు కారణం: లెటర్ అప్రైజల్ ఫారం నుంచి పుట్టింది

ఇలాంటి లెటర్లలో చాలావాటికి కారణం ఇదే, పైకి కనిపించనిది కూడా ఇదే. జూనియర్ పంపిన డ్రాఫ్ట్ ఎక్కడి నుంచి వచ్చింది? రెజ్యూమె నుంచి. రెజ్యూమె ఏడాది చివర నింపిన సెల్ఫ్ అప్రైజల్ నుంచి. ఆ ఫారం రేటింగ్ కోసం రాసేది. అందులో టీమ్ సాధించిన ఫలితాన్ని తన పేరు మీద చూపించుకోవడం అందరూ చేసేదే, కంపెనీ కూడా అదే కోరుతుంది. అందుకే అందులో ఫలితాలు ఉంటాయి, నిర్ణయాలు ఉండవు. "సెటిల్‌మెంట్ సిస్టమ్ రీడిజైన్‌లో కీలక పాత్ర, చేతిపని 70 శాతం తగ్గింది" అని ఉంటుంది. ఆ 70 శాతం ఆరుగురి టీమ్‌ది. ఆరుగురి రెజ్యూమెల్లోనూ అదే వాక్యం ఉంటుంది.

పైగా అడ్మిషన్స్ వాళ్ల చేతిలో ఆ రెజ్యూమె ఎలాగూ ఉంది. అదే సంగతిని లెటర్ ఇంకోసారి చెబితే వాళ్లకు కొత్తగా తెలిసేది ఏమీ లేదు. ఒకే డ్రాఫ్టును జూనియర్ ముగ్గురికి పంపితే ఇంకా కష్టం. మూడు లెటర్లలోనూ ఒకే ప్రాజెక్టు, ఒకే శాతం, ఒకే మాటల వరస కనిపిస్తాయి. ఇంకో విషయం. అభ్యర్థి రాసిన లెటర్‌ను రికమండర్ పేరుతో పంపకూడదని చాలా యూనివర్సిటీలు స్పష్టంగానే చెబుతాయి. అందుకని డ్రాఫ్ట్ తీసుకోకండి. వివరాలు తీసుకోండి, రాయడం మీరే రాయండి.

ఫారంలోని వాక్యాలను ఎంత దిద్దినా ఈ లోపం పోదు. మూలాన్నే మార్చాలి.

పరిష్కారం: పని జరిగిన చోట వెతకండి

జూనియర్‌ను "నీ అచీవ్‌మెంట్స్ పంపు" అని అడిగితే మళ్లీ అప్రైజల్ వాక్యాలే వస్తాయి. బదులుగా ఇలా అడగండి: "నీ మాట కాదన్నవాళ్లున్నా నువ్వు నిలబడ్డ టికెట్లు ఏవి? మొదట తప్పనుకుని తర్వాత మార్చుకున్నవి ఏవి? రెండు మూడు లింకులు పంపు, వివరణ వద్దు." వివరణ మీరే చదివి తెలుసుకుంటారు.

తర్వాత టికెట్ కింది కామెంట్లు, కోడ్ రివ్యూలో జరిగిన వాదన, ఏదైనా సిస్టమ్ పడిపోయినప్పుడు రాసిన రిపోర్టు తెరవండి. కోడ్ రాసే టీమ్ అయితే ఈ కమాండ్ పనికొస్తుంది:

```
git log --author="name@example.com" --since="2024-01-01" --reverse --oneline
```

ఇది ఆ మనిషి కమిట్‌లను పాతవాటి నుంచి వరసగా చూపిస్తుంది. ఎన్ని కమిట్‌లో లెక్కపెట్టకండి, ఆ అంకెకు లెటర్‌లో విలువ లేదు. పెద్ద ఫీచర్ల మధ్య అకస్మాత్తుగా కనిపించే చిన్న మార్పుల దగ్గర ఆగండి. ఎవరూ అడగకుండా సరిచేసినవి చాలావరకు అక్కడే ఉంటాయి. టెస్టింగ్, సపోర్ట్, ఫైనాన్స్ టీమ్‌లలో ఇదే పనికి మెయిల్ థ్రెడ్లు వెతకాలి.

వెతికేది ఒక్కటే: ముందు రెండు దార్లున్నప్పుడు ఆ మనిషి ఒకటి ఎంచుకున్న సందర్భం. ఒక్కటి దొరికినా లెటర్ నిలబడుతుంది.

పైన చెప్పిన 70 శాతం వాక్యాన్నే తీసుకుని ఒక నమూనా చేద్దాం. టికెట్లు తెరిచి చూస్తే కథ ఇలా ఉందనుకోండి. బ్యాంకు పంపే రోజువారీ ఫైలుకూ, మన డేటాబేస్‌కూ రోజూ ఓ నలభై ఎంట్రీలు సరిపోలడం లేదు. పొద్దున్నే ఎవరో ఒకరు కూర్చుని చేత్తో సర్దుతున్నారు. చాలాకాలంగా అలాగే నడుస్తోంది కాబట్టి ఎవరికీ అది సమస్యలా అనిపించడం లేదు. చేరిన నాలుగో నెలలో ఈ అమ్మాయి వంతు వచ్చింది. ఆమె ఆ ఎంట్రీలను మొత్తాల ప్రకారం కాకుండా సమయం ప్రకారం పేర్చింది. అన్నీ అర్ధరాత్రి 12 నుంచి తెల్లవారుజాము 5:30 లోపువే. మన సమయం యూటీసీ కంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. బ్యాంకు ఫైలులో తేదీ మన లెక్కలో ఉంది, డేటాబేస్‌లో యూటీసీలో ఉంది. పదిహేనో తారీఖు తెల్లవారుజాము రెండు గంటల లావాదేవీ డేటాబేస్‌లో పద్నాలుగో తారీఖు కింద పడుతోంది.

కారణం దొరకడం మంచిదే, కానీ లెటర్‌కు అసలు సరుకు ఆ తర్వాత రివ్యూలో ఉంది. డేటాబేస్‌లోని సమయాలన్నిటినీ మన టైముకు మార్చేద్దామని ఒక సీనియర్ అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. అదే టేబుల్‌ను ఇంకో రెండు టీమ్‌లు చదువుతున్నాయని చూపించి, టేబుల్‌ను ముట్టుకోకుండా పోల్చే క్వెరీలో రోజు హద్దును మాత్రం ముందు రోజు యూటీసీ 18:30 నుంచి ఆ రోజు 18:30 వరకు మార్చింది. నలభై ఎంట్రీలు రెండు మూడుకు వచ్చాయి.

ఇప్పుడు లెటర్‌లో పేరా ఇలా అవుతుంది. పంపేది ఇంగ్లీషులోనే అయినా, విషయం ఏ వరసలో రావాలో చూడండి:

"మా టీమ్‌లో రోజూ చేత్తో సర్దుతున్న తేడాలను అందరం మామూలు పనిగా తీసుకున్నాం. చేరిన నాలుగో నెలలో ఆమె వాటిని సమయం ప్రకారం పేర్చి, అన్నీ రాత్రి ఐదున్నర గంటల వ్యవధిలోనే వస్తున్నాయని, టైమ్ జోన్ తేడాయే కారణమని తేల్చింది. డేటాబేస్‌నే మార్చాలన్న సీనియర్ సూచనను, దానివల్ల ఇంకో రెండు టీమ్‌ల రిపోర్టులు తప్పుతాయని ఆధారంతో చూపించి, రివ్యూలో మర్యాదగా కాదంది. ఆమె చేసిన చిన్న మార్పుతో రోజుకు నలభై వరకు ఉన్న తేడాలు రెండు మూడుకు తగ్గాయి. ఆ రివ్యూలో నేనున్నాను, ఆ మార్పును అప్రూవ్ చేసింది నేనే."

దీని మీద పేరు మార్చే పరీక్ష పెట్టండి. పక్క సీటు జూనియర్ పేరు పెడితే మొదటి వాక్యం తప్ప మిగతావన్నీ అబద్ధమవుతాయి. "విశ్లేషణా శక్తి", "ధైర్యం", "ముందుచూపు" అని ఎక్కడా రాయలేదు, ఆ మూడూ పేరాలో ఉన్నాయి. చివరి వాక్యాన్ని చాలామంది పొదుపు కోసం తీసేస్తారు. దయచేసి తీయకండి. ఇది మీకెలా తెలుసు అన్న ప్రశ్నకు జవాబు అదొక్కటే. విన్నమాట రాసిన లీడ్‌కూ, చూసింది రాసిన లీడ్‌కూ తేడా అక్కడే తెలుస్తుంది.

ఇలాంటి పేరాలు ఒక పేజీలో రెండు చాలు. మూడోది ఇరికిస్తే మూడూ కుదించుకుపోయి మళ్లీ రెజ్యూమెలా తయారవుతాయి.

పోలికలు, లోపాలు

"నేను చూసినవాళ్లలో బెస్ట్" అనే వాక్యానికి బరువు రావాలంటే ఎవరిలో, ఎందరిలో అని చెప్పాలి. "రెండేళ్ల లోపు అనుభవంతో నా కింద పనిచేసిన పన్నెండు మందిలో మొదటి ఇద్దరిలో ఒకరు" అంటే చదివేవాళ్లు నమ్ముతారు. ఆన్‌లైన్ ఫారంలో గళ్లన్నీ అత్యుత్తమం దగ్గరే టిక్ పెట్టి, లెటర్‌లో వాటికి ఆధారం లేకపోతే ఆ టిక్‌లు కూడా తేలిపోతాయి. మీరు రాసిన రెండు సంఘటనలు దేన్ని చూపిస్తున్నాయో ఆ గళ్లనే పైన పెట్టండి, మిగతావి ఒక మెట్టు దించండి.

చాలా ఎం.బి.ఎ. కాలేజీలు వాడే కామన్ లెటర్ ఆఫ్ రికమండేషన్‌లో, మీరిచ్చిన ముఖ్యమైన సలహా ఏమిటి, అభ్యర్థి దాన్ని ఎలా తీసుకున్నారు అని విడిగా అడుగుతారు. "మరీ ఎక్కువ కష్టపడుతుంది" అనేది అక్కడ జవాబు కాదు. మీరు ఏ మీటింగ్ తర్వాత ఏం చెప్పారో, తర్వాతి మీటింగ్‌లో ఏం మారిందో రాయండి. ఉదాహరణకు, డెమోలో ప్రశ్న పూర్తికాకముందే జవాబు చెప్పేయడం, చెప్పాక ప్రశ్నను ముందు కాగితం మీద రాసుకోవడం. చిన్నదైనా సరే, జరిగినదై ఉండాలి.

అమ్మాయిల లెటర్లలో "ఓపిక", "వినయం", "అందరికీ సాయం" ఎక్కువగా చేరుతుంటాయి. అవి నిజమే కావచ్చు. కానీ టెక్నికల్ నిర్ణయం రాయాల్సిన చోటును అవి తినేస్తుంటే తీసేయండి.

అరుదైన కారణాలు

ఎంత వెతికినా ఒక్క సందర్భమూ దొరకలేదంటే ఆ మనిషితో మీరు దగ్గరగా పనిచేయలేదన్నమాట. "నాకంటే మీ పాత లీడ్ బాగా రాయగలరు, ఆయన్ని అడుగు" అని డెడ్‌లైన్‌కు నెల ముందే చెప్పేయండి. కస్టమర్ పేర్లు, ఆదాయం అంకెలు బయటపెట్టకూడదంటే పేరు బదులు "ఒక బ్యాంకు" అనండి, అంకె బదులు నిష్పత్తి ఇవ్వండి, కథ చెడదు. కంపెనీ లెటర్‌హెడ్ వాడొచ్చో లేదో హెచ్.ఆర్.ను ఒక మెయిల్‌లో అడిగితే సరిపోతుంది. ఇంగ్లీషు సాదాగా ఉందని బెంగపడి లెటర్‌ను ఇంకెవరి చేతో మెరుగులు దిద్దించకండి, వాళ్లు ముందు తీసేసేది సమయం ప్రకారం పేర్చిందన్న ఆ వాక్యాన్నే.