ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్‌కు లక్ష్యం ఎలా పెట్టుకోవాలి, అది నెరవేరిందో లేదో ఎలా చూడాలి?

ఇంటి నుంచి చీరలు అమ్మేవాళ్ల పేజీల్లో చాలా క్యాప్షన్ల చివర ఒకటే వరస: లైక్ చేయండి, సేవ్ చేయండి, షేర్ చేయండి, డీఎం చేయండి. ఇన్ని పనులు ఒకేసారి చెబితే చూసేవాళ్లు ఏదీ చేయకుండా కిందికి వెళ్లిపోతారు.

అందుకే ముందు లక్ష్యం, తర్వాతే క్యాప్షన్. మీ దగ్గర నిజాం బోర్డర్ ఉన్న మంగళగిరి కాటన్ చీర ఫొటో ఒకటి ఉందనుకుందాం. దాని వల్ల ఇవాళ ఏం కావాలో ఒక్క మాటలో నోట్‌బుక్‌లో రాసుకోండి.

సేవ్‌లు కావాలంటే మళ్లీ పనికొచ్చే సంగతి ఉండాలి: మొదటిసారి విడిగా ఉతకడం, నీడలో ఆరేయడం, గంజి పెట్టడం. షేర్లు కావాలంటే చదవగానే ఎవరో ఒకరు గుర్తుకు రావాలి. ‘అమ్మ బీరువాలోంచి చీర కొట్టేసిన అక్క మీకూ ఉందా?’ అంటే ఆ అక్కకి పంపకుండా ఉండలేరు. క్లిక్‌లకైతే ఒక చిక్కుంది. మామూలు పోస్టు క్యాప్షన్‌లో పెట్టిన లింకు నొక్కితే తెరుచుకోదు. ‘మిగతా రంగులు బయోలోని లింకులో ఉన్నాయి’ అని రాయాలి, లేదా స్టోరీలో లింక్ స్టిక్కర్ పెట్టాలి. ఏ లక్ష్యమైనా అసలు మాట మొదటి లైన్లోనే రావాలి, మిగతాది ‘మోర్’ వెనక దాగిపోతుంది.

ఎంక్వైరీల దగ్గరే ఎక్కువమంది మోసపోతారు. ధర దాచి ‘ప్రైస్ కోసం డీఎం చేయండి’ అంటే మెసేజ్‌లు కుప్పలుగా వస్తాయి, కానీ వాటిలో చాలావరకు ధర వినగానే ఆగిపోతాయి. నన్నడిగితే ధర రాసేయడమే మేలు. ‘కావాలంటే MAROON అని మెసేజ్ పెట్టండి’ అని పోస్టుకో మాట ఇవ్వండి. ఏ మెసేజ్ ఏ పోస్టు చూసి వచ్చిందో తెలుస్తుంది. నోట్‌బుక్‌లో రెండు గడులు గీయండి: అడిగినవాళ్లు, డబ్బు పంపినవాళ్లు. మొదటిది నిండి రెండోది ఖాళీగా ఉంటే తప్పు క్యాప్షన్‌ది కాకపోవచ్చు. ధర, కొరియర్ ఛార్జీ, మీరు జవాబిచ్చే ఆలస్యం చూసుకోండి.

ఇక లెక్క. ప్రొఫెషనల్ అకౌంట్ ఉంటే పోస్టు కింద ఇన్‌సైట్స్ కనిపిస్తాయి. ప్రతి పోస్టునూ వేసిన ఏడో రోజున చూడండి. నిన్నటి పోస్టును పది రోజుల కిందటి దానితో పోల్చకండి. అంకెను ఉన్నదున్నట్టు కాకుండా రీచ్‌తో భాగించండి. ఒక పోస్టు 2,000 మందికి చేరి 40 సేవ్‌లు తెచ్చిందనుకోండి, అంటే వందకు 2. ఇంకొకటి 600 మందికే చేరి 24 తెస్తే వందకు 4. పైకి చిన్నగా కనిపించే రెండోదే బాగా రాసిన క్యాప్షన్. అయితే రీచ్ 50, 60 దగ్గరే ఆగితే ఈ లెక్కను నమ్మకండి, ఇద్దరు చుట్టాలు సేవ్ చేసినా శాతం ఎగిరిపోతుంది.

ఉతికే చిట్కాల పోస్టుకు ఆర్డర్లు రాలేదని టెన్షన్ పడొద్దు, దాన్ని అడిగింది సేవ్‌లే కదా. ఒకే రకం లక్ష్యంతో నాలుగైదు పోస్టులు వేశాక, వాటిని వాటితోనే పోల్చి తర్వాతి క్యాప్షన్ మార్చండి.