మాజీ ఉద్యోగి గురించి రిఫరెన్స్ జవాబు – 5వ పాఠం: ఫైల్లో దొరకని మంచి

పోయిన పాఠంలో "ఆధారం లేని మాట జవాబులో ఉండకూడదు" అన్నాను. దాన్ని తు.చ. తప్పకుండా పాటించారు. ఫలితం ఏమిటంటే, మీరు దిద్ది పంపిన చిత్తుప్రతుల్లో మెమోలు ఉన్నాయి, ఆలస్యాలు ఉన్నాయి, సంజాయిషీలు ఉన్నాయి, మంచిమాట మాత్రం ఒక్కటీ మిగల్లేదు. ఒకరైతే "కొత్తగా చేరినవాళ్లకు ఓపిగ్గా పని నేర్పారు" అన్న వాక్యాన్ని అడ్డంగా కొట్టేసి, పక్కన "కాగితం లేదు" అని రాశారు. ఇదే ధోరణి అందరిలోనూ కనిపించింది కాబట్టి, ఈసారి చెబుదామనుకున్న జీతం వివరాల పాఠాన్ని పక్కన పెడుతున్నాను.

ఉద్యోగి ఫైలు ఎలా తయారవుతుందో ఆలోచించండి. మనిషి ఆలస్యంగా వస్తే కాగితం పుడుతుంది. లెక్క తప్పితే కాగితం పుడుతుంది. నెలాఖరు పని మూడేళ్లపాటు వేళకు పూర్తి చేస్తే మాత్రం ఎవరూ ఏమీ రాయరు, ఎందుకంటే అది జరగాల్సిందే కాబట్టి. ఏడాదికోసారి వచ్చే అప్రైజల్‌లో "సంతృప్తికరం" అన్న ఒక్క మాట పడితే పడుతుంది. కాబట్టి ఫైలును మాత్రమే నమ్ముకుని రాసిన జవాబులో ప్రతి వాక్యమూ నిజమే అయినా, మొత్తంగా కనిపించే మనిషి వేరే మనిషి అవుతాడు. ఇంగ్లండ్ అప్పీలు కోర్టు కూడా ఒక రిఫరెన్స్ కేసులో దాదాపు ఈ మాటే చెప్పింది: విడివిడిగా చూస్తే అన్నీ నిజాలే అయినా, మొత్తం కలిపి తప్పు అభిప్రాయం కలిగించేలా ఉంటే అది న్యాయమైన రిఫరెన్స్ కాదు.

మరి "ఆధారం" అంటే? కాగితం ఒక రకం ఆధారం. ఆ పనిని స్వయంగా చూసిన పై అధికారి మాట ఇంకో రకం. రెండూ చెల్లుతాయి. చెల్లనిది మూడోది, అంటే ఎవరో ఎవరితోనో అనగా విన్నది. చిత్తుప్రతిని సమీక్షించేటప్పుడు ప్రతి వాక్యం పక్కన పెన్సిల్‌తో "కా", "చూ", "వి" అని గుర్తు పెట్టుకోండి. "వి" వచ్చిన వాక్యం పోతుంది, లేదా చూసిన మనిషిని అడిగి "చూ"గా మారుతుంది. చూసిన మనిషి చెప్పింది రెండు లైన్ల మెయిల్‌గా తెప్పించుకుని ఫైల్లో పెట్టేయండి. అప్పుడు అదీ కాగితమే.

ఇప్పుడు ఒక చిత్తుప్రతి చూద్దాం. పాఠం కోసం కల్పించిందే అయినా, మీరు పంపినవాటికి దగ్గరగానే ఉంటుంది. అకౌంట్స్ అసిస్టెంట్‌గా పనిచేసిన ఒకావిడ గురించి కొత్త సంస్థ నాలుగు సంగతులు అడిగింది: ఎప్పటినుంచి ఎప్పటివరకు ఏ పని చేశారు, పనిలో కచ్చితత్వం ఎలా ఉండేది, హాజరు ఎలా ఉండేది, ఎలా మానేశారు.

"ఆమె 2021 జూన్ నుంచి 2024 సెప్టెంబర్ వరకు మా సంస్థలో అకౌంట్స్ అసిస్టెంట్‌గా పనిచేశారు. తరచూ ఆలస్యంగా వచ్చేవారు. హాజరు విషయమై మెమో ఇవ్వాల్సి వచ్చింది. సరఫరాదారుల చెల్లింపుల్లో తేడాలు వచ్చాయి. అందరితో కలుపుగోలుగా ఉండేవారు. నోటీసు కాలం పూర్తి చేయకుండా వెళ్లారు. మరిన్ని వివరాలకు ఫోన్‌లో సంప్రదించగలరు."

తేదీలు, హోదా సరిచూసుకోవడం గురించి ఏమీ చెప్పను, అది మీకు వచ్చు. రెండో వాక్యం దగ్గర ఆగండి. "తరచూ" అంటే ఎంత? హాజరు రిజిస్టరు తీస్తే మొత్తం 11 రోజులు ఆలస్యం, అన్నీ 2023 ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే. మార్చి చివర మెమో. ఆ తర్వాత మానేసేదాకా, అంటే 18 నెలలు, ఒక్క ఆలస్యమూ లేదు. 40 నెలల ఉద్యోగంలో రెండు నెలల సంగతి "తరచూ" అన్న మాటతో 40 నెలలకూ పరుచుకుపోయింది. పైగా మూడో వాక్యంలోని మెమో వేరే తప్పుకు ఇచ్చింది కాదు, ఈ ఆలస్యాలకే. చదివేవాళ్లకు అవి రెండు తప్పులుగా కనిపిస్తాయి. ఒకే సంగతిని ఒకే వాక్యంలో, కాలంతో సహా చెప్పాలి.

ఆ రెండు నెలల ఆలస్యానికి ఇంట్లో ఒకరి వైద్యం కారణమని ఆమె సంజాయిషీలో ఉందనుకోండి. జాలిపడి దాన్ని జవాబులో ఎక్కించకండి. అది ఆమె సొంత విషయం, ఆమె ఒప్పుకోకుండా బయటికి వెళ్లకూడదు. ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగిందో చెబితే చాలు.

"చెల్లింపుల్లో తేడాలు" అన్నది ఇంకా ప్రమాదం. డబ్బుతో ముడిపడిన ఉద్యోగంలో ఆ మాట వింటే ఎవరికైనా తోచేది ఒక్కటే. జరిగింది ఏమిటంటే, 2022 ఆగస్టులో ఒకే బిల్లుకు రెండుసార్లు చెల్లింపు వెళ్లింది. ఎంట్రీ వేసింది ఆమె, ఆమోదించింది మేనేజరు. మరుసటి నెల సరఫరాదారు స్టేట్‌మెంట్‌తో లెడ్జర్ సరిచూస్తూ ఆ తప్పును పట్టుకుని చెప్పింది కూడా ఆమే. ఎక్కువ వెళ్లిన డబ్బు తర్వాతి బిల్లులో సర్దుబాటయింది. దీన్ని ఎత్తకుండా వదిలేద్దామా? వద్దు. కచ్చితత్వం గురించి సూటిగా అడిగారు కాబట్టి వదిలేస్తే అది నిజాయితీ కాదు. ఒక బిల్లు, ఒకసారి, ఎలా బయటపడింది, ఎలా సర్దుబాటైంది అని రాయండి. "తేడాలు" అన్న బహువచనం పోవాలి.

నోటీసు సంగతి: నిబంధన 60 రోజులు, ఆమె పనిచేసింది 35. మిగతా 25 రోజులు సంస్థే మాఫీ చేసి రిలీవింగ్ లెటర్ ఇచ్చింది. "పూర్తి చేయకుండా వెళ్లారు" అంటే చెప్పాపెట్టకుండా పోయినట్టు వినిపిస్తుంది. కలుపుగోలుతనం గురించి ఎవరూ అడగలేదు. తప్పులన్నీ రాశాక తక్కెడ సరిచేయడానికి అంటించిన పొగడ్త అది. తీసేయండి. సమతూకం అంటే ఒక చెడుకు ఒక మంచి చొప్పున పేర్చడం కాదు. ఆ మనిషి 40 నెలల్లో ఎక్కువ కాలం ఏం చేసిందో దానికే జవాబులో ఎక్కువ చోటు దక్కాలి.

ఇక చివరి వాక్యం. "మరిన్ని వివరాలకు ఫోన్‌లో సంప్రదించగలరు." ఇది కనిపిస్తే నాకు ఒళ్లు మండుతుంది. మీ చిత్తుప్రతుల్లో సగానికి పైగా దీంతోనే ముగిశాయి కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. రాసేవాళ్ల ఉద్దేశం మర్యాదే కావచ్చు. చదివేవాళ్లు మాత్రం దాన్ని మర్యాదగా చదవరు. "కాగితం మీద పెట్టలేనిది ఏదో ఉంది" అని చదువుతారు. జవాబు ఎంత బాగా రాసినా ఈ ఒక్క లైను దాని మీద నీలినీడ వేస్తుంది. ఇంకా చెడ్డ సంగతి, ఏమీ లేకపోయినా వేస్తుంది. ఫోన్ వచ్చిందే అనుకోండి, అప్పుడు మాట్లాడేది ఎవరు? ఆ రోజు సీట్లో ఉన్నవారు. వాళ్ల నోట ఏం వస్తుంది? మనం గంటసేపు కూర్చుని కొట్టేసిన "వి" వాక్యాలే వస్తాయి. "తేడాలు వచ్చాయటండీ" అని ఒక్క మాట చాలు. దాన్ని ఎవరూ సమీక్షించరు, అది ఎక్కడా నమోదు కాదు. ఆ మాట వల్ల ఉద్యోగం రాని మనిషికి ఎందుకు రాలేదో ఎప్పటికీ తెలియదు, కాబట్టి అది తప్పని చెప్పుకునే వీలూ ఉండదు. "అవసరమైతే", "కావాలంటే", "సందేహాలుంటే" అని చేర్చినా నీడ పోదు. నంబరు ఇవ్వడం సంస్థ పద్ధతి అయితే లెటర్‌హెడ్ మీద ఎలాగూ ఉంటుంది, అక్కడే ఉండనివ్వండి. వాళ్లంతట వాళ్లు ఫోన్ చేస్తే రాసిన జవాబును ముందు పెట్టుకుని అందులోంచే చెప్పాలి, ఎవరు ఎప్పుడు ఏం అడిగారో ఫైల్లో రాసుకోవాలి. కాగితం మీద పెట్టడానికి వెనకాడే మాట ఫోన్‌లోనూ వద్దు.

ఇంత చేశాక ఒక ఖాళీ మిగులుతుంది. కచ్చితత్వం గురించి అడిగిన ప్రశ్నకు మన దగ్గర ఉన్నది ఒక్క తప్పు. మిగతా 39 నెలలు? ఆమె పనిని రోజూ చూసిన మేనేజరును అడగాలి. అయితే "ఆమె ఎలా పనిచేసేది?" అని అడక్కండి. "బాగానే చేసేదండీ" అన్న జవాబు ఎందుకూ పనికిరాదు. "నెలవారీ ముగింపు ఆమె వల్ల ఎప్పుడైనా ఆలస్యమైందా? ఆమె వేసిన ఎంట్రీలు ఎన్నిసార్లు తిప్పి పంపారు?" అని అడగండి. మేనేజరు ఇలా రాసి పంపారనుకుందాం: ముగింపు ఎప్పుడూ ఆలస్యం కాలేదు, ఆ డబుల్ చెల్లింపు తప్ప మరో పెద్ద పొరపాటు గుర్తులేదు, కొత్తగా చేరిన ఇద్దరికి ఆమే పని నేర్పింది. ఇప్పుడు తిరగరాద్దాం.

"ఆమె 2021 జూన్ నుంచి 2024 సెప్టెంబర్ వరకు మా సంస్థలో అకౌంట్స్ అసిస్టెంట్‌గా పనిచేశారు. సరఫరాదారుల బిల్లుల నమోదు, నెలవారీ ముగింపు ఆమె ప్రధాన పనులు. ఆమె పనిని పర్యవేక్షించిన మేనేజరు తెలిపిన ప్రకారం ముగింపు పనులు ఎప్పుడూ ఆలస్యం కాలేదు, కొత్తవారు ఇద్దరికి ఆమె పని నేర్పారు. 2022 ఆగస్టులో ఒక బిల్లుకు రెండుసార్లు చెల్లింపు జరిగింది. దాన్ని మరుసటి నెల ఆమే గుర్తించి తెలియజేశారు, మొత్తం సర్దుబాటయింది. 2023 ఫిబ్రవరి, మార్చి నెలల్లో 11 రోజులు ఆలస్యంగా వచ్చినందుకు మెమో ఇచ్చాం. ఆ తర్వాత ఆలస్యాలు నమోదు కాలేదు. ఆమె స్వయంగా రాజీనామా చేశారు. 60 రోజుల నోటీసులో 35 రోజులు పనిచేశారు, మిగతాది సంస్థ మాఫీ చేసింది."

ఇందులో తప్పులు దాచలేదు, మెమో కూడా ఉంది. అయినా మొదటిదాన్ని చదివి ఊహించుకునే మనిషి, దీన్ని చదివి ఊహించుకునే మనిషి ఒకరు కారు. "సహృదయురాలు", "అంకితభావం" లాంటి మాటలు నేను పెట్టను. కొందరికి ఇది పొడిగా అనిపిస్తుంది, అనిపించనివ్వండి. "మళ్లీ తీసుకుంటారా?" అని అవును/కాదు గడి ఉంటే మాత్రం ఒక జాగ్రత్త. మానేసినవాళ్లను ఎవరినీ తిరిగి తీసుకోకపోవడం మీ సంస్థ నియమమైతే, "కాదు" పక్కన ఆ సంగతీ రాయండి. వట్టి "కాదు" ఆ మనిషి మీద తీర్పు అవుతుంది.

అభ్యాసం. ఈసారి కథ తిరగేసి ఇస్తున్నాను. ఫైల్లో ఒక్క మెమో లేదు, అప్రైజల్ అన్నిట్లో "బాగుంది" అని ఉంది. అప్పట్లో పర్యవేక్షించిన ఆవిడ మాత్రం "చివరి ఆరు నెలలు సగం పని నేనే చేశాను, గొడవెందుకని రాయలేదు" అంటోంది. కొత్త సంస్థ అడిగింది ఒక్కటే: పని మీద ఆధారపడవచ్చా? ముందు ఆ పర్యవేక్షకురాలిని ఏ ప్రశ్నలు అడుగుతారో కనీసం ఐదు రాయండి. ఆమె జవాబులు రెండు రకాలుగా ఊహించుకోండి: చెప్పగలిగిన తేదీలు, పనులు ఉన్నట్టు ఒకసారి, "అలా అనిపించేది" తప్ప ఏమీ లేనట్టు ఇంకోసారి. రెండింటికీ వేర్వేరు జవాబులు, ఒక్కోటి 100 మాటలు దాటకుండా, ప్రతి వాక్యం పక్కన "కా", "చూ", "వి" గుర్తులతో రాయండి. రెండో జవాబులో ఆ ఆరు నెలల ప్రస్తావన ఉంటుందా ఉండదా అన్నది మీరే తేల్చుకుని, ఎందుకో కింద ఒక లైను పెట్టండి. వచ్చే పాఠం దాంతోనే మొదలవుతుంది, జీతం వివరాలు ఆ తర్వాత.