ఐఈఎల్టీఎస్ హెడింగ్స్ ప్రశ్న: తెలిసిన మాట కనిపించగానే టిక్ పెట్టేయకండి

ఐఈఎల్టీఎస్ రీడింగ్‌లో 60 నిమిషాలకు 40 ప్రశ్నలు. జవాబులు దిద్దుకోవడానికి వేరే టైమ్ ఇవ్వరు. అందులో పేరాకు తగ్గ హెడింగ్ ఎంచుకోమనే ప్రశ్న వస్తే, ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లు కూడా తడబడతారు. పేరా అర్థం కాక కాదు. చదివిన మాటే హెడింగ్‌లోనూ కనిపించేసరికి, అదే జవాబని చేయి దానంతట అదే పోతుంది.

జాబితాలో i, ii, iii అంటూ ఉండే హెడింగ్స్ పేరాల కంటే ఎక్కువగానే ఇస్తారు. ఆ మిగులు హెడింగ్స్‌ను ఏదో సంఖ్య నింపడానికి పెట్టరు. ఏదో ఒక పేరాలోని చిన్న వివరాన్నో, పేరునో పట్టుకుని, నిజమేననిపించేలా రాసిపెడతారు. అందుకే జాబితా ముందు చదివి, ఆ మాటలను పేరాల్లో వెతుక్కుంటూ పోవద్దు. ముందు పేరా చదవండి. "ఇందులో రచయిత నాకు ఏం చెప్పాడు?" అని మిమ్మల్ని మీరే అడిగి, జవాబును మీ సొంత మాటల్లో నాలుగైదు పదాల్లో పక్కన రాసుకోండి. తెలుగులో రాసుకున్నా ఫర్వాలేదు, దాన్ని ఎవరూ దిద్దరు. జాబితా వైపు చూడటం ఆ తర్వాతే.

ఒక పేరా చూద్దాం. పరీక్షలో ఇంగ్లీషులో వస్తుంది, దాని సారం ఇది అనుకోండి:

"ఆహారాన్ని రేకు డబ్బాల్లో నిల్వచేసే పద్ధతికి పీటర్ డ్యురాండ్ 1810లో బ్రిటన్‌లో పేటెంట్ తీసుకున్నాడు. సైన్యానికి, నౌకాదళానికి ఇది బాగా పనికొచ్చింది. అయితే ఆ డబ్బాలు మందంగా ఉండేవి, ఉలి, సుత్తి పెట్టి కొడితే గాని తెరుచుకునేవి కావు. రేకు పలచబడ్డాకే వాటిని తెరిచే పరికరాలకు వీలు చిక్కింది. అమెరికాలో ఎజ్రా వార్నర్ అలాంటిదానికి 1858లో పేటెంట్ పొందాడు."

ఇచ్చిన హెడింగ్స్: (i) సైనికుల భోజనం, (ii) ఆహార నిల్వ చరిత్ర, (iii) డబ్బా వచ్చిన చాలాకాలానికి వచ్చిన సౌకర్యం, (iv) పేటెంట్ కోసం ఇద్దరి పోటీ.

(i) పేరాలో ఉన్నమాట నిజమే, కానీ ఒక్క వాక్యంలోనే ఉంది. ఆ వాక్యం తీసేసినా పేరా చెప్పదలచుకున్నది చెడదు. ఏ హెడింగ్‌కైనా ఈ పరీక్ష పెట్టండి: దానికి ఆధారమైన వాక్యం తీసేస్తే పేరా నిలబడుతుందా? నిలబడితే అది వివరమే, ప్రధాన విషయం కాదు. (ii) తప్పు కాదు గాని, మరీ పెద్దది. ఎండబెట్టడం, ఉప్పు వేయడం, మంచులో పెట్టడం లాంటివన్నీ అందులోకి వస్తాయి, ఇక్కడ వాటి ఊసే లేదు. (iv) అన్నిటికంటే ప్రమాదకరమైనది. పేటెంట్ అనే మాట రెండుసార్లు ఉంది, మనుషులూ ఇద్దరే. కానీ పోటీ ఎక్కడుంది? మధ్యలో దాదాపు యాభై ఏళ్ల తేడా ఉంది. హెడింగ్‌లోని ప్రతి మాటకూ పేరాలో ఆధారం ఉండాలి, సగం సరిపోయేది కూడా తప్పే. మిగిలిన (iii) "డబ్బా" తప్ప పేరాలోని ముఖ్యమైన మాటలేవీ వాడలేదు, అయినా మొత్తం పేరాను పట్టుకుంది. సరైన హెడింగ్ చాలాసార్లు ఇలాగే పేరాలో లేని మాటల్లో ఉంటుంది.

పేరాలో మలుపు ఎక్కడుందో కూడా గమనించారా? "అయితే" దగ్గర. మొదటి వాక్యమే ప్రధాన విషయమని చాలామంది కోచింగ్‌లలో చెబుతారు. కొన్ని పేరాలకు సరిపోతుంది, అన్నిటికీ కాదు. రచయిత పాత నమ్మకంతోనో, నేపథ్యంతోనో మొదలుపెట్టి, బట్, హవెవర్, యెట్ తర్వాత అసలు సంగతికి వస్తే, మొదటి వాక్యం దగ్గరే ఆగినవాళ్లు "డబ్బా ఎలా పుట్టింది" తరహా హెడింగ్‌కు పడిపోతారు.

రెండు హెడింగ్స్ మధ్య తేలకపోతే అక్కడే ఐదు నిమిషాలు కూర్చోకండి. రెండు నంబర్లూ పక్కన రాసుకుని ముందుకు వెళ్లండి, వేరే పేరాలో వాటిలో ఒకటి ఖాయమైతే ఇది దానంతట అదే తేలుతుంది. ముందు సులువైన పేరాలు పూర్తి చేయడం అందుకే మేలు. నమూనాగా ముందే ఒక పేరాకు జవాబు ఇచ్చి ఉంటే, ఆ హెడింగ్‌ను మొదటే కొట్టేయండి.

ఈ ప్రశ్నలో ఒక్క తప్పు చాలాసార్లు రెండు మార్కులు తీసుకుపోతుంది. B పేరాకు పెట్టిన తప్పు హెడింగ్ నిజానికి Eది అయితే, Eకి అసలుది దొరకదు. చివర్లో ఒక పేరాకు ఉన్న హెడింగ్స్‌లో ఏదీ అతకకపోతే, దానికి ఏదో ఒకటి అంటించకుండా, ముందు పేరాల్లో మీరు సందేహంతో పెట్టినవాటిని తిరిగి చూడండి. తప్పు అక్కడే ఉండే అవకాశం ఎక్కువ. కాగితం మీద రాసే పరీక్ష అయితే iv, vi తారుమారు కాకుండా చూసుకోండి. నెగెటివ్ మార్కులు లేవు, కాబట్టి టైమ్ అయిపోతున్నా ఏ గడినీ ఖాళీగా వదలకండి.