ఫొటో ఎక్కడిదని అడిగితే ఏఐ తప్పు లింకు ఇస్తోందా?

సమస్య: వరదలో మునిగిన హైవే మీద షార్క్ ఈదుతున్న ఫొటో ఒకటి ఫ్యామిలీ గ్రూపులోకి వచ్చింది. దాన్ని ఏఐ చాట్‌లో పెట్టి "దీన్ని మొదట ఎవరు పెట్టారు?" అని అడిగారు. అది ఊరు, సంవత్సరం, ఒక లింకు టకటకా చెప్పేసింది. లింకు తెరిస్తే పేజీ లేదు, లేదా పేజీ ఉన్నా అందులో ఆ ఫొటో లేదు.

కారణం: ఏఐ ఫొటోను చూసిందే గానీ వెతకలేదు. బొమ్మను చిన్న చిన్న ముక్కలు చేసి, అంకెల్లోకి మార్చుకుని, అందులో నీళ్లు, రోడ్డు, షార్క్ ఉన్నాయని చెబుతుంది. అదే ఫొటో ఇంకే పేజీల్లో ఉందో సరిచూసుకునే జాబితా దాని దగ్గర ఉండదు. ఆ ఖాళీని ఊహతో నింపేస్తుంది. వెబ్ సెర్చ్ ఉన్న ఏఐ కూడా చాలాసార్లు తాను చూసినదాన్ని మాటల్లో పెట్టి, ఆ మాటలతోనే వెతుకుతుంది. రివర్స్ ఇమేజ్ సెర్చ్ అలా కాదు. ముందే పోగేసుకున్న ఫొటోల గుర్తులతో మీ ఫొటోను పోల్చి, అది కనబడిన పేజీలను చూపిస్తుంది.

పరిష్కారం: ఫొటోను గూగుల్ లెన్స్‌లో పెట్టి `Exact matches` చూడండి. మామూలుగా ముందు కనబడేవి పోలిక ఉన్న బొమ్మలే, వాటిని చూసి మోసపోవద్దు. తర్వాత `tineye.com`లో పెట్టి `Oldest` వరుస ఎంచుకోండి. అక్కడి తేదీ ఆ సైటుకు ఫొటో మొదట దొరికిన రోజు. ఫొటో తీసిన రోజు అనుకోకండి.

ఇంకా చిక్కు: ఫలితాలన్నీ పాత వరదల దగ్గరే ఆగిపోతాయి. 2017 హ్యూస్టన్, 2011 ప్యూర్టోరికో... ప్రతి వరదకూ ఈ షార్క్ హాజరు! అతికించిన బొమ్మ కాబట్టి, మొత్తం ఫొటోతో వెతికితే ఆ అతికించిన బొమ్మ కాపీలే దొరుకుతాయి. షార్క్ వరకే కత్తిరించి మళ్లీ వెతకండి. ఫొటోగ్రాఫర్ థామస్ పెశాక్ దక్షిణాఫ్రికా తీరంలో తీసిన ఫొటో దాకా వెళ్లే దారి అదే. కయాక్‌లో ఉన్న మనిషి వెనకాలే షార్క్ వస్తున్న ఆ ఫొటో 2005లో అచ్చయింది. కత్తిరించినా దొరక్కపోతే, కుడి ఎడమలు తిప్పి ఇంకోసారి ప్రయత్నించండి.

అసలేమీ దొరక్కపోతే: ఫొటో నిజమైనదనీ కొత్తదనీ అనుకోవడానికి లేదు. వాట్సాప్ గ్రూపుల్లో మాత్రమే తిరిగే ఫొటోలు ఈ జాబితాల్లోకి ఎక్కవు. ఏఐ చూపు పనికొచ్చేది ఇక్కడే. బోర్డు మీద రాత ఏ భాషదో, బస్సు మీద ఏముందో చదివించుకోండి. ఆ మాటలతో మీరే వెతకండి.